తొలి ఏకాదశి, ఆషూరా ఒకే రోజు: అపార్ట్‌మెంట్ సందేశంలో ఏమని రాయాలి?

బి బ్లాక్ కార్యదర్శి (4 జులై 2025, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో 84 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ సంఘానికి మూడేళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను. ఏ పండుగ వచ్చినా ఉదయం ఆరు గంటలకు వాట్సాప్ గుంపులో సంఘం తరఫున శుభాకాంక్షలు పెడతాను. అదే కాగితం లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద అంటిస్తాను. ఎల్లుండి ఆదివారం, జులై 6న, తొలి ఏకాదశి. అదే రోజు మొహర్రం పదో రోజు, ఆషూరా కూడా.

నిరుడూ ఇలాగే వచ్చింది, జులై 17న. అప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. అంతకుముందు ఏడు, 2023లో, తొలి ఏకాదశీ బక్రీదూ జూన్ 29నే కలిశాయి. ‘తొలి ఏకాదశి, బక్రీద్ శుభాకాంక్షలు’ అని పెడితే అందరూ సంతోషించారు. నిరుడు పాత సందేశాన్నే తీసి, ‘బక్రీద్’ కొట్టేసి ‘మొహర్రం’ అని మార్చాను. పైన బంతిపూల దండ బొమ్మ, కింద దీపాలు. ఆ ఉదయం నాలుగో అంతస్తులో ఉండే పెద్దాయన నల్ల చొక్కాతో లిఫ్టు దగ్గర నిలబడి ఆ కాగితం చదవడం చూశాను. లిఫ్టు వచ్చినా ఎక్కలేదు. మళ్లీ మొదటి నుంచి చదివి, మెట్లెక్కి వెళ్లిపోయారు. నాతో ఒక్క మాటా అనలేదు. వాళ్లు షియాలని, ఆ రోజు వాళ్లకు ఇంట్లో మనిషి పోయినంత దుఃఖమని వారం తర్వాత వాళ్లబ్బాయి చెబితే తెలిసింది.

మా దగ్గర ముస్లిం కుటుంబాలు ఐదు. అందులో రెండు షియా. ఈసారి ఏం చేయాలి? అసలు ఏకాదశి సందేశమే మానేయాలా? రెండూ రాయాలా? రాస్తే ఏ మాటలతో రాయాలి?

జామచెట్టు (రాత్రి 9:32)

మీ పశ్చాత్తాపం నాకు అర్థమైంది. కానీ మానేయడం మాత్రం వద్దు. తొలి ఏకాదశితోనే మన పండుగలు మొదలవుతాయి. ఆ రోజు ఇరుగుపొరుగుకు నాలుగు మంచి మాటలు చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒకరి దుఃఖాన్ని గౌరవించడమంటే మన పండుగను దాచుకోవడం కాదు. మొహర్రం గురించి ఏమీ రాయకండి, ఏకాదశికి రాయండి. గొడవ ఉండదు.

నార్పల వాసి (రాత్రి 9:50)

మాది అనంతపురం జిల్లా. గూగూడు కుళ్లాయిస్వామి మా పక్కనే. మొహర్రాన్ని మేము ‘పీర్ల పండుగ’ అంటాం. ఊరు ఊరంతా కదులుతుంది. కులం, మతం చూడరు. పీర్లకు చక్కెర చదివిస్తారు, మొక్కుకున్నవాళ్లు నిప్పుల గుండం తొక్కుతారు. బెంగళూరులో పని చేసుకునేవాళ్లు కూడా ఆ నాలుగు రోజులకు ఊరికి వస్తారు. కొత్త బట్టలు కట్టుకుంటారు. అందుకే ‘పండుగ కాదు, శుభాకాంక్షలు చెప్పకూడదు’ అంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. మా ఊళ్లో చెబితే నవ్వుతూ తీసుకుంటారు. ఆ పెద్దాయనకు వేరే కారణంతో మనసు బాగాలేదేమో.

తులసికోట (రాత్రి 10:05)

మీరు అడిగింది ఇదో కాదో తెలియదు. సంతాపం అన్న మాట చూసి రాస్తున్నాను. నవంబరులో మా నాన్నగారు పోయారు. ఏడాది దాకా మా ఇంట్లో పండుగ లేదు. సంక్రాంతి రోజు పొద్దున్న ఫోను తెరిస్తే ముగ్గులు, గాలిపటాలు, ‘మీకూ మీ కుటుంబ సభ్యులకూ’ అంటూ నలభైకి పైగా సందేశాలు. వాటిలో సగం దినకర్మకు వచ్చి భోజనం చేసి వెళ్లినవాళ్లవే. ఒక్క పిన్ని మాత్రం ‘ఈసారి పండుగ లేదని తెలుసమ్మా, పొద్దున్నే ఏమైనా తిన్నావా’ అని పెట్టింది. ఆ ఒక్కదానికే జవాబిచ్చాను. ఇప్పుడు ఏకాదశికి మళ్లీ అవే వస్తాయి. రాకుండా ఉండాలంటే ఏం చేయాలి? ముందే అందరికీ చెబితే బాగుండదా?

బి బ్లాక్ కార్యదర్శి (రాత్రి 10:14)

తులసికోట గారూ, మీ నాన్నగారి గురించి విని బాధగా ఉంది. నేను అడిగింది ఒక ఇంటి మైల గురించి కాదు, ఒక సమాజమంతా దుఃఖించే రోజు గురించి. అయినా మీ పిన్నిగారి మాట నాకు పనికొచ్చేలా ఉంది. మీ ప్రశ్నకు ఇక్కడి పెద్దలెవరైనా చెబుతారని ఆశిస్తాను.

పాతబస్తీ టీచరమ్మ (రాత్రి 10:48)

నేను పుట్టింది దారుల్‌షిఫాలో, షియా కుటుంబంలో. తెలుగు మాధ్యమం పిల్లలకు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. అందుకే ఈ ప్రశ్నకు రెండు వైపులా కొంత తెలుసు.

నార్పల వాసి గారూ, మీరు చెప్పింది మీ ఊరి వరకూ నిజం. పీర్ల పండుగ తెలుగు పల్లెల సొంత ఆచారం, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ మీరు చివరి రోజు గుర్తు తెచ్చుకోండి. పీర్లను జలధికి తీసుకువెళ్లేటప్పుడు మీ ఊళ్లో పాడేవి ఏ పాటలు? నేను విన్నవన్నీ ఏడుపు పాటలే. హసన్, హుస్సేన్‌ల పేర్లు పెట్టి గుండె మీద కొట్టుకుంటూ పాడతారు. పండుగ అన్న పేరు పైన ఉంది, లోపల ఉన్నది సాగనంపే దుఃఖం.

మా ఇళ్లలో ఏం జరుగుతుందో చెబుతాను. మొహర్రం నెలవంక కనిపించిన రాత్రే ఆడవాళ్లు గాజులు తీసేస్తారు. నల్ల బట్టలు వేసుకుంటాం. ఆ రాత్రి నుంచి రెండు నెలల ఎనిమిది రోజులు పెళ్లిళ్లు చేయం, కొత్త వస్తువు కొనం. సాయంత్రాలు మజ్లిస్‌లు, అంటే కూర్చుని కర్బలా కథ విని ఏడవడం. క్రీ.శ. 680లో ఆ ఎడారిలో ప్రవక్త మనవడు హుస్సేన్‌ను, ఆయనతో ఉన్న డెబ్బై పైచిలుకు మందిని నీళ్లు కూడా అందనివ్వకుండా చంపిన రోజు ఈ పదో రోజు, ఆషూరా. ఆ ఉదయం నుంచి అసర్ నమాజు వేళ దాకా, అంటే సాయంత్రమయ్యేదాకా, మేము పచ్చి మంచినీళ్లు కూడా ముట్టం. మధ్యాహ్నం దబీర్‌పురా బీబీకా అలావా నుంచి ఏనుగు మీద బీబీకా ఆలం అనే పవిత్ర పతాకం బయలుదేరి చాదర్‌ఘాట్ వైపు వెళుతుంది. మీ పెద్దాయన ఆ నల్ల చొక్కాతో అక్కడికే బయలుదేరి ఉంటారు. దారిలో లిఫ్టు దగ్గర బంతిపూల దండ కింద ‘శుభాకాంక్షలు’ కనిపించింది.

ఇక జామచెట్టు గారు అన్నదాంట్లో సగం నాకు ఇష్టమే. మీ ఏకాదశిని మానుకోమని మాలో ఎవరూ అడగరు. చిన్నప్పుడు ఎదురింటివాళ్లు పేలాల పిండి ఇస్తే తినే పెరిగాను. మానేస్తే, ‘మీ వల్ల మాకు పండుగ లేకుండా పోయింది’ అన్న మాట ఎవరో ఒకరు అంటారు. అది మాకు ఇంకా బరువు. ఏకాదశికి చెప్పండి. కానీ మొహర్రం ఊసే ఎత్తకూడదంటే ఒప్పుకోను. నిరుడు ఎత్తి పొరపాటు చేసినవారు ఈసారి మౌనంగా ఉంటే, ఆ పెద్దాయనకు అది మరిచిపోవడంలా కనిపిస్తుంది, సరిదిద్దుకోవడంలా కనిపించదు.

మల్లేపల్లి (రాత్రి 11:20)

టీచరమ్మ గారికి సలాం. నేను సున్నీని. ఒక మాట కలుపుతాను. మా ఇంట్లో ఆషూరా ఉపవాసం రోజు. తొమ్మిదీ పదీ, లేదా పదీ పదకొండూ రోజా ఉంటాం. ఫరో చేతుల్లోంచి మూసా ప్రవక్తను అల్లా కాపాడిన రోజని కృతజ్ఞతగా ఉండే ఉపవాసం అది. హుస్సేన్‌పై ప్రేమ మాకూ ఉంది, ఆయన పేరు తలుచుకుంటే మా అమ్మ కళ్లు చెమరుస్తాయి. కానీ మేము గుండె మీద కొట్టుకునే మాతం చేయం, నల్ల బట్టలు వేసుకోం. అందుకని ‘ముస్లింలందరూ దుఃఖంలో ఉన్నారు’ అని బోర్డు మీద రాస్తే మా ఇంటికి అది పూర్తిగా సరిపోదు. అలాగని ‘హ్యాపీ మొహర్రం’ అంటే మాకూ ఇబ్బందే. మాలో కొందరు నెల మొదటి రోజు హిజ్రీ కొత్త సంవత్సరమని శుభాకాంక్షలు చెప్పుకుంటారు, కొందరు అదీ వద్దంటారు. ఆ మొదటి రోజు సందేశాలే పదో రోజుకు జారి వస్తున్నాయని నా అనుమానం.

మందుల దుకాణం, గుంటూరు (5 జులై, ఉదయం 6:40)

వ్యాపారంలో నేను చేసే పద్ధతి చెబుతాను. నా దగ్గర ఆరు వందల మంది ఖాతాదారుల నంబర్లు ఉన్నాయి. పేరు చూసి రెండు జాబితాలు చేశాను. హిందువుల జాబితాకు ఏకాదశి శుభాకాంక్షలు వెళతాయి, ముస్లింల జాబితాకు ఆ రోజు ఏమీ వెళ్లదు. ఎవరికీ నొప్పి లేదు. మీరూ అలా విడదీయండి. ఇంకో జాగ్రత్త కూడా. నేను సందేశాలను ముందు రోజే కంప్యూటర్‌లో సమయం పెట్టి ఉంచుతాను. నిరుడు సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో ఉండగా, వినాయక చవితికి ముందే పెట్టిన ‘ఆనందోత్సాహాలతో’ అనే సందేశం అక్కడి ఖాతాదారులకు కూడా వెళ్లిపోయింది. ఒకాయన తిరిగి ఫోటో పంపారు, నడుము లోతు నీళ్లలో వాళ్ల ఇంటి గుమ్మం. అప్పటి నుంచి పండుగ ముందు రాత్రి ప్రతి సందేశాన్నీ ఒకసారి తెరిచి చదివి గానీ పడుకోను.

పాతబస్తీ టీచరమ్మ (ఉదయం 7:15)

ముందు రాత్రి చదవడం చాలా మంచి పద్ధతి. పేరు చూసి విడదీయడం మాత్రం దుకాణంలో నడుస్తుందేమో గానీ ఒకే మెట్లు ఎక్కేవాళ్ల మధ్య నడవదు. పేరు బట్టి షియానో సున్నీనో మీకు తెలియదు. మా అక్కకొడుకు ఆఫీసులో ఇలాగే ఒక జాబితాలోంచి తీసేశారు. దసరా భోజనానికి అందరూ కొత్త బట్టలతో వచ్చారు, తనకు మాత్రం కబురే లేదు. బాధ పెట్టకూడదనే తీసేశారట. వాడికి తగిలిన దెబ్బ అదే.

గోరింట (ఉదయం 7:30)

క్రైస్తవురాలిగా ఇది ప్రతి ఏడూ చూస్తాను. మేమే ‘శుభ శుక్రవారం’ అని పేరు పెట్టుకున్నాం కాబట్టి, ఆ రోజు ‘శుభ శుక్రవార శుభాకాంక్షలు’ అని వస్తే ఎవరినీ తప్పుపట్టలేను. మేము పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో కూర్చుని సిలువ మీద పలికిన ఏడు మాటలు ధ్యానించుకునే రోజది. నాకు నచ్చిన సందేశం మా ఎదురింటి బామ్మగారిది: ‘ఈ రోజు మీకు ఉపవాసం కదా, ఆదివారం వచ్చి కలుస్తాను.’ శుభాకాంక్షలు ఈస్టర్ ఆదివారానికి దాచి పెట్టింది. ఆషూరాకు అలాంటి ఆదివారం ఉండదేమో మరి.

విశ్రాంత గుమాస్తా (ఉదయం 8:05)

సచివాలయంలో పని చేశాను. సంతాప దినాల్లో శుభాకాంక్షలు పంపకూడదని ప్రభుత్వ నిబంధన ఉంది. నిరుడు డిసెంబర్ 26న మన్మోహన్ సింగ్ గారు పోయినప్పుడు జనవరి 1 దాకా ఏడు రోజులు సంతాపం ప్రకటించారు. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు అందుకే చాలామంది ఆపారు. ఇక్కడా అదే వర్తిస్తుంది.

మల్లేపల్లి (ఉదయం 8:21)

పెద్దలు మన్నించాలి. అధికారిక సంతాపంలో జెండా సగానికి దించుతారు, ప్రభుత్వ వినోద కార్యక్రమాలు ఆపుతారు. మనుషులు ఒకరికొకరు ఏం రాసుకోవాలో అందులో ఉండదు. ఆ వారంలో ఆపినవాళ్లు మర్యాద కొద్దీ ఆపారు. పైగా ఆషూరాకు ప్రభుత్వం ఇచ్చేది సెలవు, సంతాప ప్రకటన కాదు. క్యాలెండర్లో సంక్రాంతి, దీపావళి పక్కన అదే ఎర్ర అంకె చూసి పండుగ అనుకోవడం అక్కడే మొదలవుతుంది.

విశ్రాంత గుమాస్తా (ఉదయం 8:30)

నిజమే, జెండా గురించి, అధికారిక వినోదం గురించి మాత్రమే ఉంటుంది. నేను ఎక్కువ చెప్పాను.

బి బ్లాక్ కార్యదర్శి (ఉదయం 10:02)

అందరి మాటలూ చదివాక ఇలా రాశాను. చెప్పండి.

‘అపార్ట్‌మెంట్ వాసులందరికీ తొలి ఏకాదశి శుభాకాంక్షలు. ముస్లిం సోదరులకు మొహర్రం సందర్భంగా మా ప్రగాఢ సంతాపం, సానుభూతి.’

పాతబస్తీ టీచరమ్మ (ఉదయం 10:40)

మీరు శ్రద్ధ పెట్టారని తెలుస్తోంది కాబట్టి నిర్మొహమాటంగా చెబుతాను. ‘ప్రగాఢ సంతాపం, సానుభూతి’ పత్రికల్లో నిన్న పోయినవారి బంధువులకు రాసే మాట. పద్నాలుగు శతాబ్దాలుగా స్మరించుకుంటున్నవారికి అది అతకదు. మేము హుస్సేన్‌ను పోగొట్టుకున్నవాళ్లలా ఏడుస్తాం, నిజమే, కానీ ఆయన ఓడిపోయాడని ఏడవం. తలవంచనివాడిగా తలుచుకుంటాం. సానుభూతి అనే మాటలో జాలి వినిపిస్తుంది. అక్కడ కావలసింది గౌరవం.

‘ముస్లిం సోదరులకు’ అన్నారు. మజ్లిస్‌లో ముందు ఏడ్చేది ఆడవాళ్లు, ఆ మాటలో వాళ్లే లేరు. పైగా మొదటి వాక్యంలో ‘వాసులందరికీ’ అని, రెండోదాంట్లో ‘ముస్లిం సోదరులకు’ అంటే ఆ అందరిలో మేము ఉన్నామా లేమా? మల్లేపల్లి గారు చెప్పిన చిక్కు కూడా అలాగే ఉంది. మనుషుల్ని పిలవడం మానేసి, రోజును చెప్పండి. ఆ రోజు ఏమిటో చెప్పి, దాన్ని పాటించేవారు అనండి. అప్పుడు ఎవరికి వారు అందులో తమ చోటు చూసుకుంటారు.

తులసికోట గారి పిన్ని చేసింది అదే. ‘పండుగ లేదని తెలుసు’ అని ముందు ఉన్న సంగతి చెప్పింది. ఆ తర్వాత ఏ మాటైనా చెవికెక్కుతుంది. తులసికోట గారూ, మీ ప్రశ్నకు నా సలహా ఇది: మీరు స్వయంగా అందరికీ చెప్పుకోవద్దు. ఆ పిన్నిగారినే బంధువుల గుంపులో ఒక్క వాక్యం పెట్టమనండి. ఏడాది పూర్తయ్యేదాకా ఇంకెవరూ పంపరు.

జామచెట్టు (ఉదయం 11:05)

టీచరమ్మ గారూ, మౌనం మరిచిపోవడంలా కనిపిస్తుందన్న మాట రాత్రంతా ఆలోచించాను. మీరు చెప్పింది సరైనదే. కానీ రెండూ ఒకే కాగితం మీద ఎందుకు? ఉదయం ఏకాదశిది, మధ్యాహ్నం ఊరేగింపు వేళకు ఆషూరాది పెట్టవచ్చు కదా. శుభాకాంక్షలు, స్మరణ పక్కపక్కన ఉంటే రెండూ పలచబడతాయి.

మల్లేపల్లి (ఉదయం 11:18)

నాకు ఒకే కాగితం ఇష్టం. రెండుగా పెడితే రెండోదాన్ని ఎవరూ చదవరు. ఒకే కాగితమైతే, ఏకాదశి కోసం చదివినవాడు పక్కింట్లో ఏం జరుగుతోందో కూడా తెలుసుకుంటాడు.

బి బ్లాక్ కార్యదర్శి (మధ్యాహ్నం 1:30)

మళ్లీ రాశాను. సాయంత్రం హాలులో విష్ణు సహస్రనామ పారాయణ ఉంది, ఏటా మైకు పెడతాం. అది కూడా కలిపాను.

‘రేపు ఆదివారం తొలి ఏకాదశి. ఉపవాసం ఉండి పూజ చేసుకునే కుటుంబాలకు శుభాకాంక్షలు. రేపే మొహర్రం పదో రోజు, ఆషూరా. కర్బలాలో ప్రాణాలర్పించిన ఇమాం హుస్సేన్‌ను, ఆయన సహచరులను స్మరించుకునే రోజు. ఈ రోజును పాటించే కుటుంబాల స్మరణను సంఘం గౌరవంతో తలుచుకుంటోంది. హాలులో పారాయణ ఈసారి మైకు లేకుండా జరుగుతుంది. పేలాల పిండి పంపకం సోమవారానికి మార్చాం.’

జామచెట్టు (మధ్యాహ్నం 1:52)

చాలా బాగుంది. ఒక్క అభ్యంతరం. పేలాల పిండి ఏకాదశి నాడే తినాలి, సోమవారం ద్వాదశి. మైకు మానడం మన చేతిలో పని, సంతోషంగా మానవచ్చు. ప్రసాదం తిథి మార్చకండి.

పాతబస్తీ టీచరమ్మ (మధ్యాహ్నం 2:10)

జామచెట్టు గారి మాటే నా మాట. మార్చకండి. హాలులో పంచుకోండి. ఉదయం పూట మా తలుపు కొట్టి గిన్నె ఇవ్వకుండా ఉంటే చాలు. అసర్ దాకా నోట్లో నీళ్లు కూడా ఉండవు కదా, తలుపు తీసి మిఠాయి అందుకోవడం కష్టం. సోమవారం తెస్తే తీసుకుంటారు.

‘స్మరణను గౌరవంతో తలుచుకుంటోంది’ అన్నది మెలిక పడింది, స్మరణను మళ్లీ తలుచుకోవడమేమిటి? ‘స్మరణను సంఘం గౌరవిస్తోంది’ చాలు. మాలో మేము చెప్పుకునే అరబీ పలకరింపు ఒకటుంది, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. దాన్ని తెచ్చి పెట్టకండి. మీ నోట తెలుగు మాటే నిజంగా వినిపిస్తుంది. బొమ్మ ఏదీ వద్దు. పూలూ వద్దు, కత్తీ నెత్తురూ ఉన్న బొమ్మలూ వద్దు. తెల్ల కాగితం మీద అక్షరాలు చాలు.

ఇంకొకటి. మీ సందేశం ఎంత జాగ్రత్తగా ఉన్నా, దాని కింద ‘హ్యాపీ ఏకాదశి, హ్యాపీ మొహర్రం’ అని ముప్పై జవాబులు వస్తాయి. మీ పెద్దాయన ఫోనులో చివరికి కనిపించేవి అవే.

మల్లేపల్లి (మధ్యాహ్నం 2:25)

దానికి మార్గం ఉంది. గుంపు అమరికల్లో సందేశాలు అడ్మిన్లు మాత్రమే పంపేలా ఒక్క రోజుకు మార్చండి. సాయంత్రం మళ్లీ తెరవండి. నీళ్ల ట్యాంకరు, లిఫ్టు ఫిర్యాదులకు కాపలాదారు నంబరు కింద ఇస్తే సరిపోతుంది.

నార్పల వాసి (సాయంత్రం 5:40)

ఇందాక మా అమ్మకు ఫోను చేసి అడిగాను, జలధి రోజు పాటల గురించి. అమ్మ ఫోనులోనే రెండు చరణాలు పాడింది, మధ్యలో గొంతు పూడుకుపోయి ఆపింది. చిన్నప్పటి నుంచి విన్నాను, పాట అని విన్నాను గానీ ఏమంటున్నారో ఎప్పుడూ వినలేదు. టీచరమ్మ గారు చెప్పింది నిజం. అయినా మా ఊళ్లో ఎవరైనా ‘పీర్ల పండుగ శుభాకాంక్షలు’ అంటే కాదనలేను. మా ఊళ్లో రెండూ ఉన్నాయి.

ఒక సందేహం. రెండేళ్లు వరసగా ఒకే రోజు ఎలా వచ్చాయి? వచ్చే ఏడు కూడా ఇంతేనా?

పాతబస్తీ టీచరమ్మ (సాయంత్రం 6:15)

లెక్కల టీచర్ని అడగవలసిన ప్రశ్నే అడిగారు. ముస్లిం నెల అమావాస్య దాటి నెలవంక కంటికి కనిపించాక మొదలవుతుంది, అంటే తెలుగు నెల మొదలైన ఒకటి రెండు రోజులకు. అందుకే ఏ నెల చూసినా అక్కడి పదో తేదీ ఇక్కడి శుద్ధ ఏకాదశి చుట్టుపక్కలే పడుతుంది. బక్రీద్ కూడా పదో తేదీయే, కార్యదర్శి గారి 2023 సంగతి అదే. ఇక హిజ్రీ ఏడాదికి 354 రోజులు, అందులో అధిక మాసం ఉండదు. మన పంచాంగంలో మూడేళ్ల లోపు ఒక అధిక మాసం వస్తుంది. అది వచ్చేదాకా రెండు నెలలూ జంటగా నడుస్తాయి, వచ్చాక ఒక నెల పక్కకు జరుగుతాయి. 2015, 2016, 2017లలో మొహర్రం ఆశ్వయుజంతో జంట కట్టింది. దసరా, ఆషూరా ఒకటి రెండు రోజుల తేడాతో వచ్చాయి. 2023లో అధిక శ్రావణం వచ్చాక ఆషాఢంతో జంట కుదిరింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, కాబట్టి ఆషూరా జూన్ చివర్లో, తొలి ఏకాదశి జులై చివర్లో. ఈ రెండూ విడిపోతాయి.

బి బ్లాక్ కార్యదర్శి (6 జులై, రాత్రి 9:45)

ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత. చివరికి ఒకే కాగితంగా పెట్టాను, టీచరమ్మ గారి మార్పులతో. బొమ్మలు లేవు. గుంపును సాయంత్రం ఏడింటి దాకా మూసి ఉంచాను. ఇద్దరు కోప్పడ్డారు, ఒకరు లిఫ్టు ఆగిపోతే నాకే ఫోను చేశారు.

ఉదయం పదింటికి నాలుగో అంతస్తు పెద్దాయన బోర్డు ముందు ఆగారు. నేను కొంచెం దూరంలో నిలబడ్డాను. కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని చదివారు. తర్వాత నా వైపు తిరిగి ‘పెన్ను ఉందా బాబూ’ అన్నారు. ఇచ్చాను. ‘ఇమాం హుస్సేన్’ ముందు, పై ఖాళీలో, వణికే అక్షరాలతో తెలుగులో ‘హజ్రత్’ అని రాశారు. పెన్ను తిరిగి ఇచ్చి, నా భుజం తట్టి, లిఫ్టు ఎక్కి వెళ్లారు. నిరుడు చేసినదానికి క్షమించమని అడగాలనుకున్నాను గానీ అప్పుడు నోరు పెగల్లేదు. రేపు పేలాల పిండి తీసుకువెళ్లినప్పుడు అడుగుతాను.

రెండో అంతస్తు ఆవిడ మాత్రం సాయంత్రం కలిసి, ‘ఏకాదశి వాళ్ల ఉపవాసం రాశారు, మేమూ రెండు రోజులుగా రోజా ఉన్నాం, దాని మాట లేదే’ అన్నారు. వాళ్లు సున్నీలు. మల్లేపల్లి గారు ముందే హెచ్చరించారు, నేను పట్టించుకోలేదు.

మల్లేపల్లి (రాత్రి 10:02)

నేనూ మీ కాగితం చదివినప్పుడు గమనించలేదు. ‘ఉపవాసం ఉండేవారందరికీ’ అని ఒక్క మాట రెండు రోజులకూ కలిపి రాసి ఉంటే సరిపోయేది.

బి బ్లాక్ కార్యదర్శి (రాత్రి 10:20)

ఇంకొకటి ఇప్పుడే అడుగుతాను, మళ్లీ చివరి రోజు కంగారు పడకుండా. పెద్దాయన వాళ్లబ్బాయి చెప్పాడు, ఆషూరా తర్వాత నలభయ్యో రోజు చెహల్లుం ఉంటుందని. లెక్క వేస్తే ఆగస్టు 14 లేదా 15 అవుతోంది. 15న జెండా పండుగ. పాటలు, పిల్లల నాట్యం, లడ్డూలు ఉంటాయి. అప్పుడు ఏం చేయాలి?

పాతబస్తీ టీచరమ్మ (రాత్రి 10:55)

ఏ రోజన్నది సఫర్ నెలవంకను బట్టి తేలుతుంది. జెండా దగ్గరకు మీ పెద్దాయన తప్పకుండా వస్తారు, నల్ల చొక్కాతోనే వస్తారు, దాన్ని ఎవరూ తప్పుగా అనుకోకుండా చూడండి. స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు ఆయనకూ చెప్పండి, అది ఆయన రోజు కూడా. లడ్డూ ఇవ్వాలా వద్దా అన్నదానికి మా ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. మా అన్నయ్య తీసుకుని పిల్లలకు ఇస్తాడు. నేను తీసుకోను. ఆయన్నే అడగండి, ఇంకా నలభై రోజులుంది.